హైదరాబాద్ సూర్యుడి దగ్గర పోయిన నీలం షోలాపూర్ మీద ఉంటుంది

(ఆదివారం మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఒక లైబ్రరీ హాల్లో ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని టైప్ చేసింది, మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం అండీ. వెనకాల లైట్లు ఆపేయండి బాబూ ఎవరైనా, ఫ్యాన్ ఉండనివ్వండి, లైట్లు మాత్రమే. ఆ, చాలు. ఇక్కడ టేబుల్ మీద ఉన్నది మామూలు చేపల తొట్టి, రెండడుగుల పొడవు, చేపలు లేవు లెండి, ఉత్త నీళ్ళే. ఈ చివర్న టార్చ్ పెట్టాను, ఆ చివర్న తెల్ల అట్ట. ఇప్పుడు చూడండి, నీళ్ళలో టార్చ్ వెలుగు వెళ్తోంది కానీ పక్కనుంచి చూస్తే దాదాపు ఏమీ కనపడట్లేదు, అట్ట మీద మాత్రం తెల్లటి గుండ్రం పడింది. ఇప్పుడు డ్రాపర్‌తో పాలు వేస్తాను. వెన్న తీసిన పాలు, గుర్తుపెట్టుకోండి, ఇంట్లో చేస్తే చిక్కటి గేదె పాలు వాడకండి, ఎందుకో తర్వాత చెప్తా. ఒక చుక్క... కలిపాను. ఇంకో రెండు చుక్కలు. ఆ, ముందు వరసలో వాళ్ళకి కనపడుతోందా?

(సభలో: నీలంగా ఉంది సార్.)

నీలంగా ఉంది కదా, టార్చ్ దగ్గర పక్కనుంచి చూస్తే లేత నీలం. ఇప్పుడు అదే వెలుగుని అట్ట మీద చూడండి, ఇందాక తెల్లగా ఉన్న గుండ్రం ఇప్పుడు పసుపు పచ్చగా అయింది. ఇంకో నాలుగు చుక్కలు వేస్తే... నారింజ. నేను రంగు ఏమీ కలపలేదు, టార్చ్ మార్చలేదు. ఆకాశం ఎందుకు నీలం, సూర్యాస్తమయం ఎందుకు ఎరుపు అని రెండు ప్రశ్నలు అడుగుతారు అందరూ, ఇక్కడ చూస్తే రెండూ ఒకే తొట్టిలో ఉన్నాయి, పక్కకి చెదిరిపోయింది నీలం, చెదరకుండా మిగిలి చివరిదాకా వెళ్ళింది నారింజ. ఇవాళ నేను చెప్పేది మొత్తం ఈ ఒక్క లెక్క గురించే, పక్కకి పోయినదీ నేరుగా వెళ్ళినదీ కలిపితే మొదట ఉన్న తెలుపు రావాలి, అంతే.

సరే, లైట్లు వేయండి.

1860ల చివర్లో జాన్ టిండాల్ అనే ఆయన లండన్‌లో దాదాపు ఇదే పని చేశాడు, పాలతో కాదు, గాజు గొట్టంలో సన్నటి ఆవిరి కణాలతో. నీలం వచ్చింది. ఆయన ఏమనుకున్నాడంటే ఆకాశంలో కూడా ఏవో సన్నటి కణాలు వేలాడుతున్నాయి, వాటి వల్లే నీలం అని. తర్వాత 1871లో జాన్ విలియం స్ట్రట్, ఈయనకే తర్వాత లార్డ్ రేలీ అనే పేరు వచ్చింది, దానికి లెక్క కట్టాడు. ఆ తర్వాత 1899లో రేలీయే ఇంకో మాట తేల్చాడు, గాల్లో దుమ్మూ ధూళీ ఏమీ అక్కర్లేదు, గాలి మాలిక్యూల్సే, నైట్రోజన్ ఆక్సిజనే, చాలు ఆకాశం నీలంగా ఉండటానికి అని. ఇది ఎందుకు నొక్కి చెప్తున్నానంటే ఇప్పటికీ చాలామంది దుమ్ము వల్లే ఆకాశం నీలం అనుకుంటారు. నిజానికి దుమ్ము నీలాన్ని పాడు చేస్తుంది. మొదటి పెద్ద వాన పడి వెలిసిన మర్నాడు మన ఆకాశం ఎలా ఉంటుందో ఏప్రిల్‌లో ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ఇక రేలీ లెక్క. దీన్ని చాలా పుస్తకాల్లో ఊరికే 'వేవ్‌లెంగ్త్ నాలుగో ఘాతానికి విలోమంగా' అని ఒక లైన్ రాసి వదిలేస్తారు, పిల్లలు బట్టీ పట్టేస్తారు, కానీ అది ఎలా వస్తుందో ఇంటర్ చదివే పిల్లలకి కూడా పది వాక్యాల్లో చెప్పొచ్చు. రేలీ వాదన ఇది. ఒక చిన్న కణం ఉంది, దాని మీద కాంతి తరంగం పడింది, పడ్డ తరంగంలో కొంచెం అన్ని వైపులకీ చెదిరింది. ఈ చెదిరిన తరంగం ఎత్తు, అంటే ఆంప్లిట్యూడ్, పడ్డ తరంగం ఎత్తులో ఎన్నో వంతు? ఎన్నో వంతు అన్నాం కాబట్టి అది ఉత్త అంకె, దానికి మీటర్లూ గీటర్లూ ఉండవు. ఇప్పుడు ఆ అంకె దేని మీద ఆధారపడుతుంది? కణం ఎంత పెద్దది అంటే దాని ఘనపరిమాణం మీద, ఎక్కువ పదార్థం ఉంటే ఎక్కువ చెదురుతుంది. ఘనపరిమాణం అంటే మీటర్ క్యూబ్. తర్వాత మనం ఎంత దూరంలో ఉన్నాం, దూరం పెరిగేకొద్దీ తరంగం ఎత్తు తగ్గుతుంది కాబట్టి దూరంతో భాగించాలి. మీటర్ క్యూబ్‌ని మీటర్‌తో భాగిస్తే మీటర్ స్క్వేర్ మిగిలింది. కానీ జవాబు ఉత్త అంకె కావాలి కదా, ఈ మీటర్ స్క్వేర్‌ని ఎవరు కొట్టేస్తారు? ఇంకా మిగిలిన పొడవు ఒక్కటే ఉంది, కాంతి వేవ్‌లెంగ్త్. కాబట్టి వేవ్‌లెంగ్త్ స్క్వేర్‌తో భాగించాల్సిందే, వేరే దారి లేదు. ఇక వెలుగు తీవ్రత అంటే ఎత్తుకి స్క్వేర్, కాబట్టి వేవ్‌లెంగ్త్ నాలుగో ఘాతం కిందకి వచ్చేసింది. అయిపోయింది. ఎలక్ట్రాన్లు ఎలా ఊగుతాయి, ఏ ఫోర్స్ పనిచేస్తుంది, ఇవేమీ అక్కర్లేకుండా ఉత్త యూనిట్లతో లాగేశాడు మనిషి. నాకైతే ఫిజిక్స్‌లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద ఫలితం వచ్చిన చోట్లు చాలా తక్కువ అనిపిస్తుంది.

ఇందులో ఒక షరతు మాత్రం ఉంది, కణం వేవ్‌లెంగ్త్ కంటే బాగా చిన్నదై ఉండాలి. నీలం కాంతి వేవ్‌లెంగ్త్ 450 నానోమీటర్లు అనుకుందాం, గాలి మాలిక్యూల్ నానోమీటర్‌లో మూడో వంతు లెక్కన ఉంటుంది, అంటే వెయ్యి రెట్లకి పైగా తేడా. షరతు హాయిగా సరిపోయింది.

ఇప్పుడు అంకెలు. ఎరుపు 650, నీలం 450. 650ని 450తో భాగిస్తే 1.44 చిల్లర. దాన్ని స్క్వేర్ చేస్తే 2.09, ఇంకోసారి స్క్వేర్ చేస్తే 4.35. అంటే ఎరుపు కంటే నీలం నాలుగు రెట్ల పైన చెదురుతుంది. అంతే, నాలుగు రెట్లే. వంద రెట్లు కాదు. ఇక్కడ ఎవరికైనా డౌట్ రావాలి. ఎవరికీ రాలేదా? సరే నేనే అడుగుతా. నాలుగు రెట్లే తేడా అయితే సాయంత్రం సూర్యుడు అంత ఎర్రగా ఎలా అవుతాడు?

దీనికి ముందు మధ్యాహ్నం సంగతి చూద్దాం. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు, గాలి శుభ్రంగా ఉంది, దుమ్ము లేదు. అప్పుడు మొత్తం వాతావరణం నిలువుగా దాటి మన దగ్గరికి వచ్చేసరికి నీలం 100లో 80 నేరుగా వస్తుంది, 20 చెదిరిపోతుంది. ఎరుపు 100లో 95 వస్తుంది, 5 పోతుంది. ఈ చెదిరిన 20, 5 ఉన్నాయే, అందులో దాదాపు సగం పైకి అంతరిక్షంలోకి పోతుంది, అందుకే అక్కడనుంచి చూసినా భూమి నీలంగా ఉంటుంది, మిగతా సగం కిందకి మన కళ్ళలోకి వస్తుంది, అదే ఆకాశం. గమనించారా, ఆకాశంలో ఎరుపు కూడా ఉంది, ఆకుపచ్చా ఉంది, అన్నీ ఉన్నాయి, నీలం పాలు ఎక్కువ అంతే. అందుకే ఆకాశం లేత నీలం.

(సభలో ఒక అమ్మాయి: సార్, వయొలెట్ ఇంకా చిన్న వేవ్‌లెంగ్త్ కదా, మరి ఆకాశం వయొలెట్‌గా ఎందుకు లేదు?)

కూర్చోమ్మా, మంచి ప్రశ్న, దీనికి జవాబు సగం ఆకాశంలోనూ సగం మన కంట్లోనూ ఉంది. వయొలెట్ 400 దగ్గర, అది నీలం కంటే ఎక్కువే చెదురుతుంది, నిజమే, 100లో 30 దాకా. కానీ సూర్యుడి నుంచి వచ్చే కాంతిలోనే వయొలెట్ నీలం కంటే తక్కువ ఉంటుంది. ఇంకా అసలు సంగతి, 400 దగ్గర మన కన్ను చాలా మొద్దు, 450తో పోలిస్తే ఎన్నో రెట్లు తక్కువ పట్టుకుంటుంది. పైగా కన్ను ఒక్కో వేవ్‌లెంగ్త్‌నీ విడివిడిగా చదవదు, మూడు రకాల కోన్ కణాలున్నాయి, వచ్చిన మిశ్రమం మూడింటినీ ఎంతెంత కదిపింది అన్నదాన్ని బట్టి ఒక రంగు చెప్తుంది. ఆకాశం నుంచి వచ్చే ఈ వయొలెట్, నీలం, ఆకుపచ్చ, కొంచెం ఎరుపు కలిపిన మిశ్రమం మన మూడు కోన్లని ఎలా కదుపుతుందో, తెలుపులో కొంచెం శుద్ధమైన నీలం కలిపినా దాదాపు అలాగే కదుపుతుంది. కన్ను ఈ రెంటికీ తేడా చెప్పలేదు. కొలిచే పరికరం పెడితే వయొలెట్ అక్కడే ఉంది, కనపడుతుంది.

ఇప్పుడు సాయంత్రానికి వద్దాం. నడినెత్తిన ఉన్నప్పుడు దాటే గాలిని 'ఒక వాతావరణం' అందాం. సూర్యుడు దిగేకొద్దీ వెలుగు ఏటవాలుగా వస్తుంది, ఎక్కువ గాలి దాటాలి. 30 డిగ్రీల ఎత్తులో ఉంటే రెండు వాతావరణాలు. 10 డిగ్రీల దగ్గర అయిదున్నర. 3 డిగ్రీల దగ్గర దాదాపు 15. సరిగ్గా నేలని తాకేటప్పుడు 38. చూశారా, చివరి మూడు డిగ్రీల్లోనే 15 నుంచి 38కి ఎగబాకింది. సూర్యుడు నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ జరుగుతాడు కాబట్టి ఈ తతంగమంతా పది పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. అప్పటిదాకా మామూలుగా ఉన్న సూర్యుడు ఉన్నట్టుండి రంగు మారినట్టు అనిపించేది అందుకే.

మీ ఫోన్లు తీయండి, కాలిక్యులేటర్ ఓపెన్ చేయండి. ఒక వాతావరణం దాటితే నీలం 0.8 వంతు మిగులుతుంది. రెండోది దాటితే ఆ మిగిలినదాంట్లో 0.8 వంతు. మూడోది దాటితే మళ్ళీ దాంట్లో. ఇది చక్రవడ్డీ లెక్కే, కాకపోతే ఇక్కడ అసలు పెరగదు, తరుగుతుంది. నాలుగు రెట్ల తేడా చిన్నదిగా కనపడిందే, చక్రవడ్డీలో పడేసరికి అదేం చేస్తుందో చూడండి.

```
0.8^15  = 0.035      0.95^15 = 0.46
0.8^38  = 0.0002     0.95^38 = 0.14
```

ఎడమవైపు నీలం, కుడివైపు ఎరుపు. 3 డిగ్రీల ఎత్తులో నీలం 100లో మూడున్నర మిగిలింది, ఎరుపు 46. నేల తాకేసరికి ఎరుపు 100లో 14 ఇంకా వస్తోంది, నీలం లక్షలో 20. లక్షలో! ఎరుపూ నీలం సమానంగా బయల్దేరాయి అనుకుంటే సాయంత్రానికి ఎరుపు నీలం కంటే దాదాపు 700 రెట్లు అయింది. మధ్యలో ఉన్న ఆకుపచ్చ 100లో రెండో మూడో. అందుకే సూర్యుడు ముందు పసుపు, తర్వాత నారింజ, తర్వాత ఎరుపు, నీలం ముందు పోయింది, ఆకుపచ్చ తర్వాత పోయింది, చివరికి ఎరుపు ఒక్కటే నిలబడింది.

సరే, ఆ పోయిన నీలం ఎక్కడికి పోయింది? నాకు ఇష్టమైన భాగం ఇదే. గాలి దాన్ని మింగలేదు, చెదరగొట్టింది అంతే, అంటే అది ఎక్కడో ఎవరికో కనపడుతూ ఉండాలి. మనం లెక్క వేయొచ్చు. మార్చి చివర్లో సూర్యుడు సరిగ్గా పడమర అస్తమిస్తాడు. గచ్చిబౌలి వైపు ఏదో ఎత్తైన బిల్డింగ్ టెర్రస్ మీద నుంచుని చూస్తున్నారు అనుకోండి, వెలుగు నేలకి సమాంతరంగా మీ కంటికి వస్తోంది. భూమి గుండ్రం కాబట్టి ఈ కిరణాన్ని వెనక్కి పడమరకి పట్టుకెళ్తే నేల కిందకి వంగిపోతూ ఉంటుంది, కిరణం పైకి పోతున్నట్టు అవుతుంది. 275 కిలోమీటర్లు పడమరకి వెళ్తే ఆ కిరణం నేల నుంచి దాదాపు ఆరు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ కింద ఏ ఊరుంది? షోలాపూర్. అదే, దుప్పట్ల షోలాపూర్. అంటే హైదరాబాద్ సూర్యుడు ఎర్రబడటానికి పోగొట్టుకున్న నీలంలో చాలా భాగం ఇక్కడికీ షోలాపూర్‌కీ మధ్య ఉన్న గాల్లో చెదిరింది. అక్కడ అప్పటికి సూర్యుడు ఇంకా రెండున్నర డిగ్రీల పైన ఉన్నాడు, అస్తమించడానికి ఇంకో పది నిమిషాలుంది, జహీరాబాద్‌లోనో హుమ్నాబాద్‌లోనో ఎవరో తలెత్తి చూస్తే వాళ్ళ నెత్తి మీద ఆకాశం ఇంకా నీలంగానే ఉంది, మన సూర్యుడి దగ్గర తగ్గిన నీలంలో కొంత వాళ్ళ కళ్ళలో పడుతోంది. మన మీద నీలం కూడా అలాంటిదే, సాయంత్రమైతే అది మనకి తూర్పున సూర్యాస్తమయం చూస్తున్న ఎవరి దగ్గరో, పొద్దున్నైతే పడమర సూర్యోదయం చూస్తున్న ఎవరి దగ్గరో తగ్గిందే.

ఇక్కడిదాకా శుభ్రమైన గాలి లెక్క. మన సిటీలో గాలి శుభ్రంగా ఉండదు కదా. అప్పుడేమవుతుంది? ఇందాక షరతు చెప్పాను, కణం వేవ్‌లెంగ్త్ కంటే బాగా చిన్నదై ఉండాలని. మేఘంలో నీటి బిందువు దాదాపు పది మైక్రాన్లు, అంటే నీలం వేవ్‌లెంగ్త్‌కి ఇరవై రెట్లు. అక్కడ రేలీ లెక్క పనిచేయదు, అన్ని రంగులూ దాదాపు సమానంగా చెదురుతాయి, అందుకే మేఘం తెలుపు. పాల గురించి చెప్తానన్నది కూడా ఇదే, పాలలో కొవ్వు గోళాలు మైక్రాన్ల సైజువి, అవి తెలుపే ఇస్తాయి. కేసీన్ అని ప్రోటీన్ కణాలుంటాయి, అవి చాలా చిన్నవి, మైక్రాన్‌లో పదో వంతు సైజువి, నీలం ఇచ్చేవి అవి. వెన్న తీస్తే పెద్దవి పోయి చిన్నవి మిగులుతాయి. చుక్కలు ఎక్కువైనా చెడిపోతుంది, ఒకసారి చెదిరిన వెలుగు మళ్ళీ మళ్ళీ చెదిరి అన్ని రంగులూ కలిసిపోయి ఉత్త పాల నీళ్ళలా కనపడుతుంది. శుభ్రమైన రోజున కూడా ఆకాశం కింద అంచు తెల్లబారి ఉండటానికి ఇదే కారణం.

ఇంట్లో అగరొత్తి వెలిగించినప్పుడు చూడండి. కొన నుంచి అప్పుడే లేచే పొగ, వెనకాల చీకటిగా ఉన్న గుమ్మం వైపు చూస్తే నీలంగా ఉంటుంది. అదే పొగని ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పెట్టి దాని గుండా లైట్‌ని చూస్తే గోధుమరంగుగా ఉంటుంది. ఒకే పొగ, ఇందాకటి తొట్టి లాగే. పక్కన గిన్నెలోంచి లేచే ఆవిరి మాత్రం ఎటు చూసినా తెలుపే. కణాలు పెద్దవా చిన్నవా అన్నది కొలిచే పరికరం ఏమీ లేకుండా ఇలా చెప్పేయొచ్చు.

దుమ్ము, వాహనాల పొగ ఉన్న సాయంత్రాన్ని లెక్కలో పెడదాం. ఉదాహరణకి ఆ మసక ఒక వాతావరణం దాటేసరికి అన్ని రంగుల్లోనూ 30 శాతం తినేస్తుంది అనుకోండి, 0.7 మిగిలింది. 3 డిగ్రీల ఎత్తులో 0.7 ని 15 సార్లు గుణించండి, వెయ్యిలో 5 కూడా రాదు. దాన్ని ఇందాకటి ఎరుపు 0.46తో గుణిస్తే వెయ్యిలో రెండు. అందుకే చలికాలం సాయంత్రాల్లో మన దగ్గర సూర్యుడు నేల తాకకముందే, ఇంకా రెండు మూడు డిగ్రీలు పైన ఉండగానే, బిళ్ళలా మసకబారి మాయమైపోతాడు. దుమ్ము ఎక్కువ ఉంటే సూర్యాస్తమయం బాగుంటుంది అని ఒక మాట తిరుగుతూ ఉంటుంది, అది సగమే నిజం. చాలా సన్నటి కణాలైతే, అదీ పైన ఉంటే, ఎరుపు పెరుగుతుంది. 1883లో క్రాకటోవా అగ్నిపర్వతం పేలిన తర్వాత నెలల తరబడి ప్రపంచమంతా ఎర్రటి సాయంత్రాలు చూసింది అలాగే. కింద గాల్లో ముతక దుమ్ము ఉంటే మాత్రం రంగు మొత్తం బూడిదలో కలిసిపోతుంది.

(సభలో ఒక పెద్దాయన: మరి సూర్యుడు అస్తమించాక కూడా నడినెత్తిన ఆకాశం నీలంగానే ఉంటుంది కదండీ, మీ లెక్క ప్రకారం అప్పటికి నీలమంతా దారిలోనే పోయి ఉండాలి కదా?)

అబ్బ, దీనికోసమే ఎదురుచూస్తున్నానండీ, చాలామంది ఇది అడగరు. మీరన్నది కరెక్ట్. సూర్యుడు అప్పుడే దిగాడు, నడినెత్తి పైన గాలికి చేరుతున్న వెలుగు చాలా దూరం వాతావరణంలో అడ్డంగా వచ్చింది, దాంట్లో నీలం బాగా తగ్గిపోయి ఉండాలి, ఆ ఎర్రబడ్డ వెలుగుని గాలి మళ్ళీ చెదరగొడితే నీలం ఎక్కువ చెదిరినా మొత్తం మీద పసుపో బూడిదో రావాలి. రేలీ స్కాటరింగ్ ఒక్కదానితో లెక్క వేస్తే అలాగే వస్తుంది కూడా. కానీ ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. దీన్ని 1953లో హల్బర్ట్ అనే ఆయన తేల్చాడు. కారణం ఓజోన్. ఓజోన్ అంటే అల్ట్రావయొలెట్‌ని ఆపేది అని మనకి తెలుసు, కానీ అది నారింజ రంగు దగ్గర కూడా కొంచెం మింగుతుంది, దీన్ని షాపుయీ బ్యాండ్ అంటారు. పగలు వెలుగు ఓజోన్ పొరని నిలువుగా దాటేస్తుంది కాబట్టి ఆ ప్రభావం తెలియదు. సంధ్యవేళ వెలుగు ఆ పొరలో అడ్డంగా చాలా దూరం ప్రయాణం చేస్తుంది, నారింజ, పసుపు బాగా పోతాయి, మిగిలింది నీలంగా కనపడుతుంది. కాబట్టి మధ్యాహ్నం నీలం చెదరడం వల్ల, సూర్యుడు దిగాక నడినెత్తిన నీలం ఎక్కువ భాగం మింగడం వల్ల. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, కారణం వేరు.

(సభలో ఒక కుర్రాడు: సార్ మార్స్ మీద సూర్యాస్తమయం నీలంగా ఉందని ఫోటో చూశాను, అది ఎడిటింగా?)

కాదు తమ్ముడూ, నిజమే. క్యూరియాసిటీ రోవర్ 2015లో తీసింది. అక్కడ గాలి మన గాలిలో ఒక శాతం లెక్కన ఉంటుంది, కాబట్టి మాలిక్యూల్స్ చెదరగొట్టేది దాదాపు ఏమీ లేదు, అంతా దుమ్ముదే రాజ్యం. ఆ దుమ్ము కణాలు ఒకటీ ఒకటిన్నర మైక్రాన్, అందులో ఇనుము తుప్పు లాంటి పదార్థం ఉంది. తుప్పు నీలాన్ని మింగుతుంది, అందుకే పగలు అక్కడి ఆకాశం గోధుమ పసుపు. కానీ ఆ సైజు కణాలు వెలుగుని అన్ని వైపులకీ సమానంగా చెదరగొట్టవు, ఎక్కువగా ముందుకే నెడతాయి, అందులోనూ నీలాన్ని ఎరుపు కంటే ఇరుకైన కోణంలో, సూర్యుడి దిశకి దగ్గరగా నెడతాయి. అందువల్ల సూర్యుడి చుట్టూ కొంచెం మేర నీలం ఉంటుంది, పక్కకి జరిగితే గోధుమరంగు. పగలు కూడా ఆ నీలం వలయం ఉంటుంది కానీ సాయంత్రం దుమ్ములో దారి పొడుగు కాబట్టి బాగా తెలుస్తుంది. ఇక్కడ రేలీ నాలుగో ఘాతానికి పనే లేదు.